పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వుతుంటే మన గోడ కింద పునాదిని లోతుకు దింపడం

ప్రశ్న: హన్మకొండలో మాది 1996లో నాన్నగారు కట్టించిన ఇల్లు, జీ ప్లస్ వన్. పిల్లర్లు లేవు, గోడల మీదే స్లాబులు. పునాది రాతికట్టు, నాలుగు అడుగుల లోతు అని నాన్న చెప్పేవారు. పక్క ప్లాట్‌లో సెల్లార్ కోసం జేసీబీతో తవ్వుతున్నారు. ఇప్పటికి ఐదడుగులు అయింది, పన్నెండు అడుగులు వెళ్తారట. మా పునాదికి ఐదడుగుల దూరంలోనే గుంత అంచు ఉంది. నిన్న కిటికీ మూల దగ్గర సన్నని పగులు కనిపించింది. "అండర్‌పిన్నింగ్ చేయించుకోండి, ఏం కాదు" అంటున్నాడు బిల్డర్. అది ఎలా చేస్తారు? చేస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు:

ముందు ఒక్క పని చేయండి. మీ గోడ వైపు తవ్వకం ఇవాళే ఆపించండి. మిగతా ప్లాట్‌లో పని జరుగుతుంటే జరగనివ్వండి, మీ వైపు పది పన్నెండు అడుగుల పట్టీలో మాత్రం జేసీబీ బకెట్ దిగకూడదు. అండర్‌పిన్నింగ్ అంటే ఉన్న పునాది కింద కాంక్రీటు పోసి దాన్ని లోతుకు దింపడం. అది పక్కవాళ్లు మీ పునాది కంటే బాగా లోతుకు వెళ్లకముందే పూర్తి కావాల్సిన పని. పన్నెండు అడుగులూ తవ్వేసి, గోడ కదిలాక కింద కాంక్రీటు పోస్తామంటే అప్పటికే ఆలస్యం. అలాంటి గోడ కింద మనిషిని దింపడం కూడా ప్రమాదం.

మీకు ఇంకా టైం ఉందని నేను ఎందుకు అనుకుంటున్నానో చెప్తాను. గోడ బరువు పునాది అడుగు దగ్గర ఆగిపోదు. అక్కడి నుంచి మట్టిలోకి దిగుతూ పక్కలకు పరుచుకుంటుంది. ఆ బరువుకు మట్టి పక్కకు జారిపోకుండా ఆపేది బయట ఉన్న మట్టే. ఆ మట్టిని తీసేస్తే ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఎంత దూరంలో ఎంత లోతు తవ్వొచ్చో అంచనాకు పునాదుల గురించిన మన ఐఎస్ 1904 కోడ్‌లో ఒక లెక్క ఉంది. ఇసుక, మొరం లాంటి నేలల్లో పక్కపక్క పునాదులు వేర్వేరు లోతుల్లో ఉంటే, పై పునాది అడుగు అంచు నుంచి కింది పునాది అడుగు అంచుకు గీసిన గీత, రెండడుగులు పక్కకు జరిగితే ఒక అడుగు కంటే ఎక్కువ దిగకూడదు. ఇది పునాదుల గురించి చెప్పిన మాటే అయినా, తెరిచి ఉన్న గుంతకు కూడా ఇంతకంటే సడలింపు ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

దీన్ని మీ ఇంటికి పెట్టి చూడండి. మీ పునాది అడుగు నాలుగు అడుగుల దగ్గర ఉంది. గుంత అంచు ఐదడుగుల దూరంలో ఉంది. ఐదడుగులకు రెండున్నర అడుగులు దిగొచ్చు, అంటే నేల నుంచి ఆరున్నర అడుగుల వరకు పర్వాలేదు. వాళ్లు ఇప్పుడు ఐదు దగ్గర ఉన్నారు. కానీ పన్నెండుకు వెళ్లాలంటే గుంత అంచు మీ పునాది నుంచి పదహారు అడుగుల దూరంలో ఉండాలి. అంత జాగా లేదు కాబట్టి ఆరున్నర దాటకముందే మీ గోడ బరువును కిందికి దింపాలి, లేదా తవ్వకానికి గట్టి ఆపుదల పెట్టాలి.

ఈ లెక్క అంతా "నాన్న చెప్పిన నాలుగు అడుగుల" మీద ఆధారపడి ఉంది. అది నిజమో కాదో చూడాలి. గోడ పక్కన మీ వైపు మూడడుగుల వెడల్పు గుంత ఒకటి గడ్డపారతో, చేత్తో తవ్వించండి. పునాది అడుగు కనిపించగానే ఆపాలి, దాని కిందికి వెళ్లొద్దు. అక్కడ చూడాల్సినవి నాలుగు: అసలు లోతు, అడుగు వెడల్పు, రాళ్ల మధ్య ఉన్నది సిమెంటా సున్నమా మట్టా, కింద ఉన్నది మొరమా నల్లరేగడా పోసిన మట్టా. మన వరంగల్‌లో రెండు వీధుల తేడాతో నేల మారిపోతుంది. ఒకచోట మూడడుగులకే రాయి తగులుతుంది, ఇంకోచోట పాత చెరువు శిఖంలో పూడ్చిన మట్టి పది అడుగుల దాకా ఉంటుంది. ఈ గుంత చూడకుండా అండర్‌పిన్నింగ్ గురించి ఏ ఇంజనీరు మాట్లాడినా అది ఊహే.

పగులు విషయం. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే సన్నని పగులు పాత ఇళ్లలో ఎండకు, తేమకు కూడా వస్తుంది. అది పాతదో కొత్తదో పెద్దగా ముఖ్యం కాదు, పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. పగులు రెండు చివర్లలో పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి తేదీ రాయండి. పగులు మీద అడ్డంగా సన్నని గాజు ముక్క పెట్టి రెండు చివర్లూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే పగులుకు ఇరువైపులా రెండు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్‌తో రోజూ ఒకే వేళకు కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే గోడ మూల కిందికి దిగుతోందని, లేదా బయటికి ఒరుగుతోందని అనుమానించాలి. తలుపులు కొత్తగా పట్టేయడం, ఫ్లోరింగ్‌కు గోడకు మధ్య సందు కనిపించడం కూడా ఇలాంటి సూచనలే. రెండు మూడు రోజుల్లో ఒక మిల్లీమీటరు పెరిగినా నేను పని ఆపించి, గుంతలోకి మట్టి తిరిగి పోయిస్తాను. గుంత గోడకు ఆనించి ఏటవాలుగా పోసిన మట్టి కట్ట కంటే త్వరగా పనిచేసే మందు లేదు.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. ఆ గోడ వైపు మీ సెప్టిక్ ట్యాంక్, సంపు, బాత్రూం పైపు, వాననీళ్ల పైపు ఏమున్నాయో చూడండి. గుంత గోడ నిలువుగా బాగానే నిలబడినట్టు ఉంటుంది. లోపలి నుంచి నీళ్లు ఊరి మొరం మెత్తబడితే ఒక రాత్రిలో పెళ్లలుగా ఊడిపోతుంది. 2023 జూలై వానల్లో హంటర్ రోడ్డు వైపు నీళ్లు ఎలా నిలిచాయో మనం చూశాం. వానాకాలం ముందు మొదలుపెట్టిన సెల్లార్ గుంత చుట్టూ గట్టు, అడుగున నీళ్లు తోడే మోటారు ఉండాలి. మీ వైపు పైపుల లీకులు మీరే బాగు చేయించుకోవాలి, రేపు గొడవ వస్తే వాళ్లు మొదట చూపించేది అదే.

ఇక పని ఎలా చేస్తారో చెప్తాను. నక్కలగుట్ట వైపు మేము చేసిన ఒక ఇల్లు దాదాపు మీ ఇంటిలాంటిదే, దాన్నే తీసుకుంటాను. తొమ్మిది అంగుళాల గోడ, రెండు అంతస్తులు, పక్క ప్లాట్ వైపు గోడ పొడవు 32 అడుగులు. రాతికట్టు పునాది సిమెంటుతో కట్టినదే, అడుగున మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. గోడ, స్లాబుల వాటా, రాతికట్టు అన్నీ కలిపి లెక్కిస్తే అడుగు పొడవుకు సుమారు రెండుంబావు టన్నుల బరువు వచ్చింది. పరీక్ష గుంతలో నాలుగు నుంచి తొమ్మిది అడుగుల దాకా ఎర్ర మొరం, ఆ కింద గడ్డపారకు లొంగని మెత్తరాయి. పక్కవాళ్లు వెళ్లేది పన్నెండు అడుగులు. అయినా మేము పన్నెండు దాకా వెళ్లలేదు. తొమ్మిది దగ్గర రాతి మీద కూర్చోబెట్టాలని నిర్ణయించాం. ఆ రాయి పొరలు గుంత వైపు వాలి లేవని, పగుళ్లలో మట్టి నిండి లేదని చూసుకున్నాకే ఆ నిర్ణయం. పొరలు గుంత వైపు వాలి ఉంటే రాయి అన్న పేరు మాత్రమే మిగులుతుంది, పలక మొత్తం జారుతుంది.

32 అడుగుల గోడను నాలుగేసి అడుగుల ఎనిమిది భాగాలు చేశాం. మేస్త్రీలు వీటిని బేలు అంటారు. ఒక బే కింద మట్టి తీసినప్పుడు ఆ నాలుగు అడుగుల గోడ, అంటే తొమ్మిది టన్నులు, కాసేపు ఇరువైపులా ఉన్న గోడ మీద కమాను లాగా వేలాడుతుంది. మంచి కట్టుబడి ఉన్న గోడ నాలుగు అడుగులు తట్టుకుంటుంది. పది అడుగులు తట్టుకోదు. అందుకే ఏ సమయంలోనూ గోడ పొడవులో నాలుగో వంతు కంటే ఎక్కువ కింద ఖాళీ ఉండకూడదు, పక్కపక్క బేలు ఒకేసారి తెరవకూడదు. మా వరస ఇలా ఉంది: మొదట 1, 5. అవి గట్టిపడ్డాక 3, 7. తర్వాత 2, 6. చివరికి 4, 8. ఎప్పుడూ రెండే తెరిచి ఉంటాయి, వాటి మధ్య మూడు బేల దూరం ఉంటుంది. బేల నంబర్లు గోడ మీద పెద్దగా పెయింట్‌తో రాయించాం. లేకపోతే లేబర్ మారిన రోజు, "పక్కదే కదా, అయిపోతుంది" అని రెండోది తవ్వేస్తారు. మీ పరీక్ష గుంతలో రాళ్ల మధ్య మట్టి గారే ఉంటే బే మూడడుగులకు తగ్గించి, ఒక్కొక్కటే తెరవాలి.

ఒక్కో బే పని ఇలా సాగుతుంది. ముందు గోడ బయట మనిషి దిగడానికి గుంత తవ్వుతారు. దానికి పక్కలా, ఎదురుగా చెక్క పలకలు, అడ్డ దూలాలు కొట్టాలి. ఐదడుగులు దాటిన గుంతలో ఆపుదల లేకుండా మనిషిని దింపొద్దు. పైన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. తవ్విన మట్టి గుంత అంచున కుప్ప పోయకూడదు. ఆ తర్వాత పునాది కిందికి చేత్తో తవ్వుకుంటూ వెళ్తారు, మెషిన్ వాడొద్దు. పునాది అడుగుకు అంటుకున్న మట్టిని గీకి శుభ్రం చేసి, ఊగే రాళ్లుంటే సిమెంటుతో బిగించాలి. అడుగున మెత్తరాయి తగిలాక పొడి మట్టంతా ఎత్తేసి అదే రోజు కాంక్రీటు పోయాలి. రాత్రంతా తెరిచి వదిలేసిన బే అంటే నాకు నిద్ర పట్టదు.

కాంక్రీటు ఎం20, సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, 20 ఎంఎం కంకర మూడు. వెడల్పు మూడున్నర అడుగులు తీసుకున్నాం. ఎత్తు ఐదడుగులు అనుకున్నా కాంక్రీటును పాత పునాది దాకా పోయం, మూడంగుళాలు తక్కువగా ఆపుతాం. పక్క ముఖాల్లో గాడి పెట్టి, 12 ఎంఎం కడ్డీలు రెండు వైపులా బయటికి వదిలాం, తర్వాతి బే కాంక్రీటు వాటిని పట్టుకుంటుంది. ఒక్కో బేకు దాదాపు రెండు ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టింది.

ఆ మూడంగుళాల సందే ఈ పనికి ప్రాణం. నేను చూసిన చెడిపోయిన అండర్‌పిన్నింగ్ పనుల్లో ఎక్కువ చెడింది ఇక్కడే. కొందరు కాంక్రీటును పైదాకా పోసి "టైట్‌గా నిండింది" అంటారు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, నీరు పైకి తేలుతుంది, గాలి చిక్కుకుంటుంది. చివరికి పాత పునాదికి కొత్త కాంక్రీటుకు మధ్య కంటికి కనిపించని సందు మిగులుతుంది. అప్పుడు గోడ ఆ సందు మేరకు దిగి గానీ కొత్త కాంక్రీటు మీద కూర్చోదు. ఆ దిగడంలోనే ఇల్లు పగులుతుంది. అందుకే కాంక్రీటు పోసిన మర్నాడు లేదా ఎల్లుండి, అది మొదట్లో దిగాల్సింది దిగి గట్టిపడ్డాక, ఆ సందులో డ్రై ప్యాక్ కొట్టాలి. సిమెంటు ఒకటి, దొడ్డు ఇసుక మూడు, నీళ్లు చాలా తక్కువ. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, చేతికి నీరు కారకూడదు. దాన్ని కొంచెం కొంచెంగా లోపలికి నెడుతూ, మొద్దు చెక్క పెట్టి సుత్తితో బలంగా కొట్టాలి. అవతలి చివర నుంచి మొదలుపెట్టి ఇవతలికి రావాలి. కొడుతుంటే మొదట మెత్తగా మోగుతుంది, నిండేసరికి రాయి మీద కొట్టినట్టు గట్టిగా మోగుతుంది. ఆ మోత వచ్చేదాకా మేస్త్రీ పక్కన మీ ఇంజనీరు నిలబడాలి. రెడీమేడ్ కుంచించుకోని గ్రౌట్ వాడినా మంచిదే, కానీ అప్పుడు సెంట్రింగ్ పకడ్బందీగా కట్టాలి. డ్రై ప్యాక్ అయ్యాక కనీసం రెండు రోజులు ఆగి పక్క బే తెరవాలి. మేము మూడు రోజులు ఆగేవాళ్లం. బిల్డర్ తొందరపెట్టేది ఈ ఆగడం దగ్గరే, మీరు లొంగకూడని చోటు కూడా ఇదే.

మూలల సంగతి. గోడ చివర ఉన్న బే మీద అడ్డ గోడ బరువు కూడా ఉంటుంది. అక్కడ ఆగిపోతే ఇంట్లో ఒక గోడ రాతి మీద, దానికి అతికిన గోడ మొరం మీద ఉండి, కలిసే చోట నిలువు పగులు వస్తుంది. అందుకని మూలల్లో అడ్డ గోడ కింద కూడా నాలుగైదు అడుగులు లోపలికి, మెట్లు మెట్లుగా లోతు తగ్గించుకుంటూ పోయాం.

ఇంత జాగ్రత్తగా చేసినా గోడ కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. ఆ ఇంట్లోనూ పై అంతస్తులో ఒకట్రెండు వెంట్రుకవాసి పగుళ్లు వచ్చి ఆగిపోయాయి. "చిన్న పగులు కూడా రాదు" అని ఎవరైనా హామీ ఇస్తే ఆ మనిషిని నమ్మకండి.

సరిపోతుందా అని అడిగారు. గోడ బరువు విషయంలో సరిపోతుంది. మరో బలం ఉంది, బిల్డర్ దాని గురించి మాట్లాడి ఉండడు. పక్కవాళ్లు మట్టి తీసేశాక మీ ఇంటి లోపలి మట్టి బయటికి తోస్తుంది. ఇప్పటిదాకా పునాదిగా ఉన్న కాంక్రీటు ఇప్పుడు అడ్డుగోడగా కూడా పనిచేయాలి. నేను చెప్పిన ఇంట్లో కాంక్రీటు మూడున్నర అడుగుల మందం, ఐదడుగుల ఎత్తు, అడుగు రాతిలో ఉంది. పైగా గుంతకు దానికి మధ్య ఐదడుగుల మొరం పట్టీ మిగిలింది. లెక్కలో నిలబడింది. మీ ఇంటి కింద పన్నెండు అడుగుల దాకా రాయి లేకపోతే కథ వేరు. అప్పుడు పునాది కింద ఎనిమిది తొమ్మిది అడుగుల కాంక్రీటు కావాలి, దాన్ని రెండు దఫాలుగా దించాలి. ఆ మధ్య పట్టీని కూడా తవ్వేస్తే ఆ గోడ తనంతట తాను ఆగదు. గుంతలోకి ఏటవాలు స్టీలు దన్నులు గానీ, మట్టిలోకి కొట్టే యాంకర్లు గానీ కావాలి, సెల్లార్ గోడ, పైన స్లాబు వచ్చేదాకా అవి తీయకూడదు. ఇది డిజైన్ చేసి డ్రాయింగ్ మీద సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు మీకు వేరుగా ఉండాలి, బిల్డర్ ఇంజనీరు చాలడు. అనుమానం ఉంటే ఎన్ఐటీ సివిల్ విభాగంలో అడగండి.

ఈ పద్ధతి పనికిరాని నేలలూ ఉన్నాయి. పునాది కిందే నీళ్లు ఊరుతుంటే, లేదా వదులు ఇసుక, పూడ్చిన మట్టి అయితే బే తెరవగానే లోపలి మట్టి జారివస్తుంది, గోడ కింద బోలు పడుతుంది. అక్కడ పక్కవాళ్ల వైపు తవ్వకానికి ముందే వరసగా సన్న పైల్స్ దించి, వాటి వెనక మట్టిని ఆపడం మేలు. పిల్లర్ల ఇళ్లకు కూడా నేను చెప్పిన బేల వరస అలాగే వర్తించదు. ఒక పిల్లర్ ఫుటింగ్ కింద తవ్వితే పక్కన పట్టుకోవడానికి గోడ ఉండదు. ముందు దూలాలు, జాకీలతో బరువు మోయించాలి. ఈ జవాబు చదివి పిల్లర్ల ఇంట్లో ఎవరూ ఇలా చేయొద్దు.

పక్కాయనతో వ్యవహారం కాగితం మీద ఉండాలి. ఈ ఖర్చు తవ్వేవాళ్లు పెట్టుకోవడం న్యాయం, చాలాచోట్ల మాట్లాడితే ఒప్పుకుంటారు, ఎందుకంటే మీ గోడ పడితే వాళ్ల గుంతలోనే పడుతుంది. పని మొదలయ్యే ముందు ఇల్లంతా, ప్రతి గదీ, ప్రతి పగులూ ఫోటోలు, వీడియో తీసి ఇద్దరూ సంతకం చేయండి. వాళ్లకు మంజూరైన ప్లాన్ కాపీ అడిగి, సెల్లార్‌కు అనుమతి ఉందా, సరిహద్దు నుంచి ఎంత వదలాలో చూడండి. తవ్వకం ఆపకపోతే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి ఫోటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అయినా ఆగకపోతే వకీలును కలిసి కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకోవాలి. ఒప్పందంలో రాతి కోతకు బ్రేకర్ మాత్రమే, పేలుడు వద్దు అని తప్పక రాయించండి.

పని అయ్యాక కూడా గాజు ముక్కలు, స్క్రూల కొలతలు వాళ్ల సెల్లార్ స్లాబు పడి, ఒక వానాకాలం గడిచేదాకా కొనసాగించండి. అప్పటిదాకా పగుళ్లకు పుట్టీ పెట్టొద్దు, రంగు వేయొద్దు, కదలిక కనపడకుండా పోతుంది. సెల్లార్ గోడకు మీ గోడకు మధ్య మిగిలిన సందును ఎలా నింపుతున్నారో దగ్గరుండి చూడండి. ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, చెత్త పారేసి పైన మట్టి కప్పేస్తారు. అలా నింపితే వాన నీళ్లన్నీ మీ కొత్త కాంక్రీటు అడుగుకే చేరతాయి. అక్కడ మొరం తొమ్మిదంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, పైన నీరు బయటికి పోయేలా వాలు పెట్టి గచ్చు చేయించండి.